తప్పుకు తగ్గ శిక్షేనా? కోర్టు చూసేదెంత, చూడనిదెంత

కర్ణాటక ఆర్టీసీలో ఒక కండక్టర్ ఉద్యోగం పోయింది. తనిఖీలో అతని దగ్గర లెక్కకు రాని 93 రూపాయలు దొరికాయి. కింది కోర్టులు అతని వైపే మొగ్గాయి. సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 93 రూపాయలకు ఒక మనిషి బతుకుతెరువు తీసేస్తారా అని ఎవరికైనా అనిపిస్తుంది. 2004లో సుప్రీంకోర్టు మాత్రం సంస్థ చేసింది సరైనదేనంది, కండక్టర్ తొలగింపును నిలబెట్టింది.

అంతకు 17 ఏళ్ల ముందు, 1987లో, అదే సుప్రీంకోర్టు ఒక సైనికుడి కేసు తేల్చింది. అన్నం తినమని పైవాళ్లు ఆజ్ఞాపిస్తే అతను తినలేదు. సైన్యంలో ఆజ్ఞను కాదనడం చిన్న విషయం కాదు. అందుకు అతనికి ఏడాది కఠిన జైలు శిక్ష వేశారు, కొలువులోంచి తీసేశారు. సుప్రీంకోర్టు ఆ రెండింటినీ కొట్టేసి, జీతభత్యాలతో సహా అతన్ని మళ్లీ ఉద్యోగంలో చేర్చుకోమంది.

ఒకచోట కఠినంగా, ఇంకోచోట దయగా వ్యవహరించినట్టు పైకి కనిపిస్తుంది. నిజానికి రెండు కేసుల్లోనూ కోర్టు వేసుకున్న ప్రశ్న ఒక్కటే: మతి ఉన్న ఏ అధికారైనా ఈ తప్పుకు ఈ శిక్ష వేస్తాడా? వేసే అవకాశం ఉందంటే, తాము ఆ కుర్చీలో ఉంటే అంత శిక్ష వేసేవాళ్లం కాదని న్యాయమూర్తులకు అనిపించినా, కోర్టు చేయి పెట్టదు. శాఖాపరమైన విచారణలో దెబ్బతిన్న ఉద్యోగులు చాలామందికి ఈ సంగతి హైకోర్టులో రిట్ ఓడిపోయాకే తెలుస్తుంది. ముందే తెలిస్తే వాళ్లు తమ పోరాటాన్ని వేరేచోట మొదలుపెట్టేవాళ్లు.

శిక్ష ఎవరి చేతిలో ఉంటుంది

ప్రభుత్వోద్యోగికి వేసే శిక్షలన్నీ నిబంధనల్లో మెట్టుమెట్టుగా రాసి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగులకు 1991 నాటి సీసీఏ నిబంధనలు, కేంద్ర ఉద్యోగులకు 1965 నాటి సీసీఏ నిబంధనలు వర్తిస్తాయి. కింది మెట్లలో అభిశంసన, ప్రమోషన్ ఆపడం, నష్టాన్ని జీతంలోంచి రాబట్టడం, కొంతకాలం ఇంక్రిమెంట్ ఆపడం ఉంటాయి. వీటిని చిన్న శిక్షలంటారు. పై మెట్లలో, ఆపిన ఇంక్రిమెంట్ ఇక ఎప్పటికీ తిరిగి రాకుండా చేయడం, హోదా తగ్గించడం, నిర్బంధ పదవీ విరమణ, రిమూవల్, డిస్మిసల్ వస్తాయి. ఇవి పెద్ద శిక్షలు.

చివరి మూడూ బయటివాళ్లకు ఒకేలా కనిపిస్తాయి. ఎలాగూ ఉద్యోగం పోయిందిగా అనుకుంటారు. ఉద్యోగి కుటుంబానికి మాత్రం వాటి మధ్య తేడా చాలా పెద్దది. నిర్బంధ పదవీ విరమణ అయితే పింఛను దక్కుతుంది. రిమూవల్ అయితే చేసిన సర్వీసంతా పోతుంది. ప్రభుత్వం దయతలచి కొంత భృతి మంజూరు చేస్తే తప్ప పింఛను, గ్రాట్యుటీ రావు. అయితే మళ్లీ ఎక్కడైనా ప్రభుత్వోద్యోగానికి దరఖాస్తు చేసుకోవడానికి అడ్డం ఉండదు. డిస్మిసల్ అయితే మామూలుగా ఆ దారి కూడా మూసుకుపోతుంది. కోర్టు డిస్మిసల్‌ను నిర్బంధ పదవీ విరమణగా మార్చిందనే వార్త మనకు చిన్నదిగా కనిపించవచ్చు. ఆ ఇంటికి మాత్రం నెలనెలా వచ్చే పింఛను అదే.

ఈ మెట్లలో ఏది ఎంచుకోవాలన్నది క్రమశిక్షణాధికారి ఇష్టం. ఛార్జిమెమో ఇస్తారు, ఉద్యోగి వివరణ తీసుకుంటారు, విచారణాధికారి సాక్షులను విచారించి నివేదిక ఇస్తాడు. ఆ నివేదిక నకలు ఉద్యోగికి ఇచ్చి, అతను చెప్పుకునేది విని, ఆ తర్వాతే క్రమశిక్షణాధికారి శిక్ష ఖరారు చేయాలి. నకలు ఇచ్చి తీరాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1993లో స్థిరపరచింది. అది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ ఉద్యోగి కేసు. దేశంలో ఏ శాఖలో విచారణ జరిగినా ఇప్పటికీ ఆ తీర్పు పేరు వినిపిస్తూనే ఉంటుంది.

అధికారికి ఇంత స్వేచ్ఛ ఉన్నా, దానికి రాజ్యాంగం ఒక గట్టు కట్టింది. తప్పుకు ఏమాత్రం పొంతనలేని శిక్ష వేస్తే అది రాజ్యాంగంలోని 14వ అధికరణం చెప్పే సమానత్వ హక్కును దెబ్బతీసినట్టేనని 1983లో హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన ఒక ఫారెస్టు గార్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్రమంగా చెట్లు కొట్టిన వ్యవహారంలో అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. విచారణ సరిగా జరగలేదనీ, శిక్ష కూడా మితిమీరిందనీ కోర్టు తేల్చింది. మళ్లీ మొదటినుంచి విచారణ జరపమనకుండా, రెండు ఇంక్రిమెంట్లు ఆపే శిక్షతో సరిపెట్టి ఉద్యోగం తిరిగి ఇప్పించింది. గట్టు ఉందని ఆ తీర్పుతో తేలింది. అది ఎక్కడ ఉందన్నదే తర్వాతి నాలుగు దశాబ్దాల వివాదం.

అన్నం తినని సైనికుడు

గట్టు దాటడమంటే ఏమిటో 1987 నాటి రంజిత్ ఠాకూర్ కేసు వివరాల్లోకి వెళ్తే తెలుస్తుంది.

అతను సైన్యంలో సిగ్నల్‌మన్. తన కమాండింగ్ అధికారి తనను ఇబ్బంది పెడుతున్నాడని, వరుస క్రమం పాటించకుండా నేరుగా పై అధికారులకు అర్జీ పంపాడు. అది నిబంధనలకు విరుద్ధమని 28 రోజుల కఠిన కారాగార శిక్ష వేశారు. వేసింది, ఎవరిమీద ఫిర్యాదు చేశాడో ఆ అధికారే. ఆ శిక్ష అనుభవిస్తుండగా 1985 మే 29న అన్నం తినమన్న ఆజ్ఞను అతను పాటించలేదు. మర్నాడే సమ్మరీ కోర్టు మార్షల్ జరిగింది. ఫిర్యాదుకు గురైన అధికారే అందులోనూ తీర్పు చెప్పే స్థానంలో కూర్చున్నాడు. ఫలానా అధికారి మీ కేసు విచారించడానికి మీకేమైనా అభ్యంతరమా అని నిందితుణ్ని అడగాలని సైనిక చట్టంలో ఉంది. అలా అడగలేదు. ఏడాది జైలు, ఉద్యోగం ఊడబెరకడం శిక్షగా ఖరారైంది.

సుప్రీంకోర్టులో జస్టిస్ వెంకటాచలయ్య రాసిన తీర్పు రెండు తీగలను కలిపి ముడివేసింది. మొదటిది పక్షపాతం. తనమీద ఫిర్యాదు చేసినవాడి కేసులో తానే తీర్పరిగా కూర్చోకూడదు. ఆ అధికారి మనసులో నిజంగా కక్ష ఉందా అని చూడనక్కరలేదు, ఎదుట నిలబడ్డ మనిషికి కక్ష ఉందన్న భయం కలగడానికి కారణం ఉందా అన్నదే చూడాలి. రెండోది శిక్ష బరువు. ఎంత శిక్ష వేయాలన్నది కోర్టు మార్షల్ చూసుకోవలసిన విషయమే అయినా, తప్పుతో ఏ పొంతనా లేకుండా, వింటేనే మనస్సాక్షి అదిరిపడేలా ఉండకూడదు. అంత అతి చేస్తే, ఆ అతే పక్షపాతానికి రుజువు అవుతుంది.

ఈ కేసులో ఉద్యోగి గెలవడానికి శిక్ష ఎక్కువ కావడం ఒక్కటే కారణం కాలేదు. శిక్ష వేసిన చేయి శుభ్రంగా లేదు, చట్టం చెప్పిన అడుగు ఒకటి తప్పారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశారని కోర్టు ఒప్పుకున్న చాలా కేసుల్లో ఇలాంటి ఇంకో లోపం కూడా పక్కనే కనిపిస్తుంది. విచారణ అడ్డదిడ్డంగా ఉండటమో, తోటివారికి ఒక న్యాయం ఇతనికి ఒక న్యాయం కావడమో, చెప్పుకున్న కారణాన్ని పట్టించుకోకపోవడమో ఉంటుంది. విచారణ సజావుగా సాగి, తప్పు రుజువై, శిక్ష మాత్రమే ఎక్కువైందన్న వాదనతో గెలిచిన కేసులు తక్కువ.

అందరూ చెప్పే తీర్పు, అందులో ఓడిన ఉద్యోగి

శిక్ష తగ్గించమని కోర్టుకు వెళ్లే ప్రతి లాయరూ చెప్పే తీర్పు ఒకటుంది. అది 1995 నవంబరు 1న వెలువడిన బి.సి. చతుర్వేది కేసు. ఆయన ఆదాయపు పన్ను శాఖ అధికారి. తెలిసిన ఆదాయానికి మించి ఆస్తులున్నాయన్నది ఆరోపణ. శాఖాపరమైన విచారణలో అది రుజువై 1986లో ఆయన్ను డిస్మిస్ చేశారు. ఆయన కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఆరోపణ రుజువైందని ట్రిబ్యునల్ కూడా ఒప్పుకుంది. అయితే 30 ఏళ్ల సర్వీసు ఉంది, చదువులో మంచి రికార్డు ఉంది అంటూ డిస్మిసల్‌ను నిర్బంధ పదవీ విరమణగా మార్చింది. అంటే పింఛను మిగిల్చింది.

ఇద్దరూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. తప్పే రుజువు కాలేదని ఆయన, శిక్ష మార్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఎక్కడిదని ప్రభుత్వం.

సుప్రీంకోర్టు సూత్రాన్ని వివరంగా చెప్పింది. న్యాయ సమీక్ష అంటే అప్పీలు కాదు. విచారణ తీరు సరిగా ఉందా, నియమాలు పాటించారా, నిర్ణయానికి ఏదో ఒక సాక్ష్యం ఆధారంగా ఉందా అని కోర్టు చూస్తుంది. సాక్ష్యాలను మళ్లీ తూచి తన సొంత నిర్ధారణకు రాదు. శిక్ష విషయంలోనూ అంతే. తప్పు తీవ్రతను బట్టి శిక్ష ఎంచుకునే విచక్షణ క్రమశిక్షణాధికారిది, ఆయన పైన ఉన్న అప్పీలు అధికారిది. మామూలుగా హైకోర్టు గానీ ట్రిబ్యునల్ గానీ దాన్ని తీసేసి తమ శిక్ష పెట్టలేవు. శిక్ష కోర్టు మనస్సాక్షిని అదరగొట్టేలా ఉంటే మాత్రం రెండు దారులున్నాయి. మొదటిది, శిక్షను మళ్లీ ఆలోచించమని అదే అధికారికి తిప్పి పంపడం. రెండోది, వ్యాజ్యం ఇంకా సాగకుండా, చాలా అరుదైన కేసుల్లో, బలమైన కారణాలు రాసి, తగిన శిక్షను కోర్టే వేయడం.

సూత్రం చెప్పాక కోర్టు దాన్ని ఎదురుగా ఉన్న కేసుకు వర్తింపజేసింది. అక్రమాస్తుల ఆరోపణ రుజువైన అధికారిని డిస్మిస్ చేస్తే అందులో అదిరిపడేదేముంది? సర్వీసు ఎక్కువన్నది, చదువులో మెరుగన్నది ట్రిబ్యునల్ చూసిన కారణాలు. అవి క్రమశిక్షణాధికారి చూడవలసినవి. కాబట్టి ట్రిబ్యునల్ ఇచ్చిన ఊరట చెల్లదు. డిస్మిసల్ మళ్లీ నిలబడింది. ఉద్యోగులకు తలుపు తెరిచిన తీర్పుగా పేరుపడ్డ ఆ కేసులో ఉద్యోగి తలుపు బయటే మిగిలాడు.

ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. ‘మనస్సాక్షి అదిరిపడటం’ అన్న మాట వినగానే అది న్యాయమూర్తి హృదయానికి సంబంధించినదనిపిస్తుంది. కోర్టులు దాన్ని అలా వాడవు. జాలి కలగడం, ఇంకాస్త తక్కువైతే బాగుండుననిపించడం చాలవు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బాగా పనిచేశాడు, పిల్లలు చిన్నవాళ్లు, రిటైర్‌మెంట్‌కు రెండేళ్లే ఉంది అన్న వాదనలు తమంతట తాముగా ఆ గడప దాటలేవు.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఒక రైల్వే రక్షణ దళం కేసులో 2003లో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని ఇంకాస్త విడమరిచింది. తొలగింపు మరీ ఎక్కువనుకుని హైకోర్టు శిక్ష తగ్గించింది. ఎందుకు ఎక్కువో సరిగా చెప్పలేదని సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, మళ్లీ పరిశీలించమని వెనక్కి పంపింది. శిక్ష ఎక్కువని చెప్పే ముందు కోర్టు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. రుజువైన ఆరోపణ ఎలాంటిది, ఉద్యోగి గత ప్రవర్తన ఏమిటి, ఇంతకుముందు ఏ శిక్షలు పడ్డాయి, చేసే పని ఎంత సున్నితమైనది, ఆ శాఖలో క్రమశిక్షణ ఎంత అవసరం అన్నవన్నీ తూచాలి. గుమాస్తా కుర్చీలో కూర్చున్న మనిషికీ, తుపాకీ పట్టుకుని కాపలా కాసే మనిషికీ ఒకే తప్పు ఒకేలా కొలవబడదు.

93 రూపాయల లెక్క

ఇప్పుడు కండక్టర్ కేసు దగ్గరికి వస్తే, అక్కడ కోర్టు రూపాయలను లెక్కపెట్టలేదని అర్థమవుతుంది. బస్సులో కండక్టర్ ఒంటరి. రోజంతా సంస్థ తరఫున డబ్బు అతనే వసూలు చేస్తాడు, సాయంత్రం అతను చెప్పిన లెక్కే లెక్క. ప్రతి బస్సు వెనకా ఒక తనిఖీ అధికారిని పంపడం ఏ సంస్థకూ కుదరదు. కాబట్టి ఆ ఉద్యోగం నిలబడేది నమ్మకం మీద. ఆ నమ్మకం పోయిన మనిషిని మళ్లీ డబ్బుసంచితో బస్సెక్కించమని కోర్టు చెప్పజాలదు. దొరికిన మొత్తం చిన్నదా పెద్దదా అన్నది అందుకే పక్కకు పోతుంది. 2006లో ఇంకో కండక్టర్ కేసులో తగ్గిన మొత్తం 360 రూపాయల 95 పైసలు. తీర్పు అదే. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ కండక్టర్ ఒకరి తొలగింపునూ సుప్రీంకోర్టు నిలబెట్టింది.

హర్యానాలోని బహదూర్‌గఢ్ మునిసిపాలిటీ గుమాస్తా కేసు 1996లో ఇదే చెప్పింది. ఆయన వాడుకున్నది 1,548 రూపాయల 78 పైసలు. పై అధికారి డిస్మిసల్‌ను నాలుగు ఇంక్రిమెంట్ల కోతకు తగ్గించాడు. సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ప్రజల సొమ్ము కాజేసిన కేసులో మొత్తం ఎంతన్నది ముఖ్యం కాదని చెప్పి డిస్మిసల్‌ను పునరుద్ధరించింది. కేంద్ర నిబంధనల్లో ఇది నేరుగానే రాసి ఉంది. లంచం తీసుకున్నట్టు గానీ, ఆదాయానికి మించి ఆస్తులున్నట్టు గానీ రుజువైతే రిమూవల్ లేదా డిస్మిసల్ వేయాలి, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప తగ్గించడానికి లేదు.

కండక్టర్ల కేసుల్లో గత చరిత్ర కూడా బరువు వేస్తుంది. 2001లో సుప్రీంకోర్టు తేల్చిన కేసులో 22 ఏళ్ల అనుభవం ఉన్న కండక్టర్ 35 మంది ప్రయాణికుల దగ్గర ఛార్జీ తక్కువ వసూలు చేశాడు. అన్నేళ్లు పనిచేసినవాడికి సరైన ఛార్జీ ఎంతో తెలియదంటే నమ్మలేమని కోర్టు అంది. అంతకుముందు 36 సార్లు అతను తప్పు చేసినట్టు తేలిందన్న సంగతీ రికార్డులో ఉంది. సర్వీసు పొడవు చూసి కనికరించమని అడిగితే, ఆ సర్వీసే ఎదురుతిరిగింది.

అయితే పాత చరిత్రను దాచిపెట్టి, ఆఖర్లో బయటికి తీసి శిక్ష పెంచడానికి అధికారికి వీల్లేదు. పాత శిక్షలను లెక్కలోకి తీసుకోదలిస్తే ఆ సంగతి ఉద్యోగికి ముందే చెప్పి, సమాధానం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1963లోనే మైసూరు రాష్ట్రానికి చెందిన కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. డిస్మిసల్ ఉత్తర్వులో ‘గతంలోనూ ఇతనికి శిక్షలు పడ్డాయి’ అన్న వాక్యం కనిపించి, ఛార్జిమెమోలో గానీ నోటీసులో గానీ ఆ ప్రస్తావన లేకపోతే, ఉద్యోగి గట్టిగా పట్టుకోవలసిన అంశం అది.

ఎప్పుడు గెలుస్తారు

డబ్బు, నమ్మకం ముడిపడని తప్పుల్లో కోర్టులు కొంత ఎక్కువగా జోక్యం చేసుకున్నాయి. 2009లో తేలిన కోల్ ఇండియా కేసు అలాంటిదే. ఒక అధికారి సెలవు మంజూరు కాకుండా ఆరు నెలలు విధులకు రాలేదు. విచారణలో తప్పు ఒప్పుకున్నాడు. వ్యక్తిగత కారణాలవల్ల రాలేకపోయానని, రాజీనామా కూడా పంపానని, సంస్థను ధిక్కరించే ఉద్దేశం లేదని చెప్పాడు. సంస్థ అతన్ని తొలగించింది. ఆరు నెలల గైర్హాజరీకి, అదీ ఒప్పుకుని కారణం చెప్పుకున్న మనిషికి, ఏ సమంజసమైన యజమానైనా ఇంత శిక్ష వేస్తాడా అని సుప్రీంకోర్టు అడిగింది. ఉద్యోగం తిరిగి ఇమ్మంది. పని చేయని కాలానికి జీతం మాత్రం ఇప్పించలేదు.

2003 నాటి పంజాబ్ పర్యాటక సంస్థ కేసూ అంతే. సుమారు 20 ఏళ్లుగా పనిచేస్తున్న సీనియర్ అసిస్టెంట్ ఒక ఫైలు పోగొట్టాడు. దాన్ని ఎవరికో లాభం చేకూర్చడానికి దాచాడన్న ఆరోపణ గానీ, రుజువు గానీ లేదు. అయినా డిస్మిస్ చేశారు. అజాగ్రత్తకు అంత శిక్షా అంటూ సుప్రీంకోర్టు దాన్ని ఇంక్రిమెంట్ ఆపే శిక్షగా మార్చింది. అక్కడా పాత జీతం బకాయిలు ఇవ్వలేదు. గెలిచిన ఉద్యోగులకు కూడా మధ్య ఏళ్ల జీతం చాలాసార్లు పోతుందన్నది ఈ రెండు కేసుల్లోనూ కనిపిస్తుంది.

ఇంకో బలమైన ఆయుధం సమానత. ఒకే ఘటనలో ఇద్దరి మీద విచారణ జరిగి, ఇద్దరి తప్పూ రుజువైనప్పుడు, పెద్ద తప్పు చేసినవాడికి చిన్న శిక్ష, చిన్న తప్పు చేసినవాడికి పెద్ద శిక్ష చెల్లదు. 2013లో మధ్యప్రదేశ్ పోలీసు కేసులో ఇదే జరిగింది. లంచం అడిగి తీసుకున్న హెడ్ కానిస్టేబుల్‌కు తక్కువ శిక్షతో సరిపెట్టి, అంతకంటే తక్కువ పాత్ర ఉన్న కానిస్టేబుల్‌ను డిస్మిస్ చేశారు. సుప్రీంకోర్టు ఆ డిస్మిసల్‌ను రద్దు చేసింది. ఈ వాదన నెగ్గాలంటే ఇద్దరి పాత్ర, ఆరోపణ, గత రికార్డు సరిపోలాలి. ఒకరు తప్పు ఒప్పుకుని పశ్చాత్తాపపడి, ఇంకొకరు చివరిదాకా కాదన్నా ఆ తేడా చాలు, శిక్షలో తేడా నిలబడుతుంది.

అలాగని ఒప్పుకోవడం ప్రతిసారీ రక్షించదు. కేంద్రీయ విద్యాలయంలో ఒక ఉద్యోగి తప్పతాగి ప్రిన్సిపాల్ గదిలోకి బలవంతంగా చొరబడ్డాడు. తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. తొలగింపు మరీ ఎక్కువని హైకోర్టు అనుకుంది. 2013లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును తోసిపుచ్చింది. బడి ఆవరణలో అలాంటి ప్రవర్తనకు తొలగింపు వేస్తే అది అదిరిపడేంత శిక్ష కాదంది.

రిట్ ఒకటి, లేబర్ కోర్టు ఇంకొకటి

ఇంతవరకు చెప్పినది హైకోర్టులో రిట్ వేసేవారి సంగతి. కార్మికుల నిర్వచనం కిందికి వచ్చేవారికి వేరే దారి ఉంది. ఫ్యాక్టరీ కార్మికుడు, ఆర్టీసీ కండక్టర్, డ్రైవర్, మెకానిక్ లేబర్ కోర్టుకు వెళ్లవచ్చు. పారిశ్రామిక వివాదాల చట్టంలో 1971లో చేర్చిన 11-ఏ సెక్షన్, తొలగింపు సమర్థనీయం కాదనిపిస్తే తక్కువ శిక్ష వేసే అధికారాన్ని లేబర్ కోర్టుకు నేరుగా ఇచ్చింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అలాంటి అధికారం ఉంచారు. హైకోర్టుకు లేని స్వేచ్ఛ ఇది. సాక్ష్యాన్ని మళ్లీ తూచడానికీ, శిక్షను మార్చడానికీ లేబర్ కోర్టుకు వీలుంది. అయితే కారణం చెప్పకుండా, జాలి ఒక్కటే చూసి మార్చితే పై కోర్టులో అది నిలవదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ఉద్యోగులకు ఇప్పుడు రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ లేదు. శాఖలో అప్పీళ్లు అయ్యాక నేరుగా హైకోర్టుకే వెళ్లాలి. కేంద్ర ఉద్యోగులకైతే ముందు కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచ్, ఆ తర్వాత హైకోర్టు. ఎక్కడికి వెళ్లినా హద్దు ఒకటే. శిక్ష నిజంగా అతి అని తేలినా, కోర్టు తానే కొత్త శిక్ష వేయకుండా అధికారికి తిప్పి పంపడమే మామూలు పద్ధతి అని 2021 నవంబరులోనూ సుప్రీంకోర్టు గుర్తుచేసింది. తిప్పి పంపిన కేసు మళ్లీ అదే కార్యాలయంలో, చాలాసార్లు అదే హోదాలోని అధికారి బల్లమీదికి చేరుతుంది. ఆయన ఒక మెట్టు తగ్గించి కొత్త ఉత్తర్వు ఇస్తే, దానిమీద మళ్లీ అప్పీలు, మళ్లీ రిట్. ఈలోగా ఉద్యోగి రిటైరయ్యే వయసు దాటిపోతుంది.

మరి శిక్షను పూర్తిగా, స్వేచ్ఛగా తూచగలిగేవారు ఎవరు? శాఖలోని అప్పీలు అధికారి. కేంద్ర నిబంధనల్లో 27వది ఆయన చూడవలసినవాటిని చెబుతుంది: విచారణ సరిగా జరిగిందా, నిర్ధారణలకు సాక్ష్యం ఉందా, వేసిన శిక్ష ఎక్కువా, సరిపోతుందా, తక్కువా. మనస్సాక్షి అదిరిపడాలన్న షరతు ఆయనకు లేదు. ఒక మెట్టు ఎక్కువైందనిపిస్తే చాలు, తగ్గించవచ్చు. 30 ఏళ్ల మచ్చలేని సర్వీసు, ఇంటి పరిస్థితి, తోటివారికి వేసిన శిక్ష, జరిగిన నష్టాన్ని తిరిగి కట్టిన సంగతి, తప్పులో ఉద్దేశం లేకపోవడం, ఇవన్నీ ఆయన ముందు పనికొచ్చే వాదనలే. అవే వాదనలు హైకోర్టు గడపలో బలహీనపడతాయి.

ఆచరణలో జరిగేది ఇందుకు తలకిందులు. చాలామంది ఉద్యోగులు విచారణ నివేదికకు ఇచ్చే జవాబులోనూ, అప్పీలులోనూ ‘నేను తప్పు చేయలేదు’ అన్న ఒక్క వాదనే పేజీలకొద్దీ రాస్తారు. ఒకవేళ తప్పు రుజువైందనుకున్నా ఈ శిక్ష ఎందుకు ఎక్కువో ఒక్క వాక్యం కూడా రాయరు. అలా రాస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయం. 1976లో 42వ రాజ్యాంగ సవరణ తర్వాత, శిక్ష ఎంతో ముందుగా చెప్పి విడిగా నోటీసు ఇచ్చే హక్కు పోయింది కాబట్టి, నివేదికకు ఇచ్చే జవాబే ఆ మాట చెప్పుకోవడానికి ఉన్న మొదటి చోటు. అక్కడా, అప్పీలులోనూ రాయని విషయాన్ని అధికారి పట్టించుకోలేదని హైకోర్టులో అనడం కష్టం. రాసినా ఆయన ఒక్క మాట కూడా చర్చించకుండా ఉత్తర్వు ఇస్తే, శిక్ష సంగతి ఎలా ఉన్నా, ఆ ఉత్తర్వును తిప్పి పంపించుకోవడానికి కోర్టులో గట్టి కారణం దొరికినట్టే.

కాబట్టి ఛార్జిమెమో అందుకున్న ప్రతి ఉద్యోగీ చేయవలసిన పని ఒకటుంది. విచారణ నివేదికకు ఇచ్చే జవాబులో, అప్పీలులో, ‘నిర్దోషినన్న నా వాదనకు భంగం లేకుండా’ అని మొదలుపెట్టి, శిక్ష గురించి విడిగా ఒక భాగం రాయాలి. ఆరోపణ స్వభావం, గత రికార్డు, ఒకే ఘటనలో ఇతరులకు పడిన శిక్షల ఉత్తర్వుల నకళ్లు, చిన్న శిక్ష ఎందుకు సరిపోతుందన్న కారణం అందులో ఉండాలి. కేంద్ర ఉద్యోగికి అప్పీలు గడువు ఉత్తర్వు నకలు అందినప్పటి నుంచి 45 రోజులు. మిగతావారు తమ నిబంధనల్లోని గడువును ఉత్తర్వు అందిన రోజే చూసుకోవాలి. శిక్షను ఉన్నది ఉన్నట్టుగా తూచి తగ్గించగల అధికారం చేతిలో ఉన్న అధికారి ముందు ఉద్యోగి గట్టిగా వాదించుకోగలిగేది ఆ గడువులోపలే.